టర్మ్ షీట్‌లో వాల్యుయేషన్ క్యాప్, లిక్విడేషన్ ప్రిఫరెన్స్: మొదటిసారి కంపెనీ పెట్టినవాళ్లు ఎలా చదవాలి

భీమవరం వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి రైతు ఫోన్‌కు పంపే పరికరం తయారు చేస్తారు వాళ్లు. "అన్నా, పోయినేడు ఏంజెల్ ఇన్వెస్టర్ మా కంపెనీకి 5 కోట్ల విలువ కట్టాడు. ఇప్పుడు కొత్త ఫండ్ వాళ్లు 16 కోట్లు కట్టి, పెట్టుబడి షరతులు రాసిన టర్మ్ షీట్ పంపారు. అందులో లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అని ఏదో ఉంది. అది కంపెనీ మూతపడితే కదా, సంతకం పెట్టేయనా?" అన్నాడు.

వద్దన్నాను. అతను చెప్పినదాంట్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. పోయినేటి కాగితంలో ఉన్న 5 కోట్లు కంపెనీ విలువ కాదు, వాల్యుయేషన్ క్యాప్. లిక్విడేషన్ అంటే మూతపడటం ఒక్కటే కాదు. ఈ రెండిటికంటే ముఖ్యమైనది అతని కంట పడనేలేదు. పాత కాగితంలోని క్యాప్, కొత్త కాగితంలోని ప్రిఫరెన్స్ ఒకచోట కలుస్తాయి. ఆ చోట వాక్యం సరిగ్గా రాయకపోతే 50 లక్షలు పెట్టిన మనిషికి కోటీ 60 లక్షల మొదటి హక్కు పుడుతుంది. అక్కడిదాకా ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్దాం. లెక్క తేలిగ్గా సాగడానికి అంకెలను గుండ్రంగా మార్చి చెబుతున్నాను.

మొదటి అడుగు: షేర్ల పట్టిక రాసుకోండి

టర్మ్ షీట్ తెరవకముందే ఒక కాగితం మీద ఇప్పుడు ఎవరికి ఎన్ని షేర్లు ఉన్నాయో రాయండి. శాతాలు కాదు, షేర్ల సంఖ్యే రాయాలి. శాతం ప్రతి రౌండ్‌కూ మారిపోతుంది, సంఖ్య మారదు. మన కేసులో ఇద్దరు ఫౌండర్లకు చెరి 4,50,000 చొప్పున మొత్తం 9,00,000 షేర్లు. దాని కింద, ఇంకా షేర్లుగా మారాల్సిన డబ్బు ఏముందో విడిగా రాయండి. ఇక్కడ అది ఏంజెల్ పెట్టిన 50 లక్షలు. దానికి 5 కోట్ల క్యాప్, 20% డిస్కౌంట్ ఉన్నాయి.

ఆ 50 లక్షలు ఏ రూపంలో వచ్చాయో కూడా చూడండి. అమెరికాలో స్టార్టప్‌లకు పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్ 2013లో, ఇప్పుడు డబ్బు తీసుకుని తర్వాతి రౌండ్‌లో షేర్లు ఇచ్చే సేఫ్ అనే పత్రాన్ని తెచ్చింది. దాన్ని డౌన్‌లోడ్ చేసి యథాతథంగా మన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి వాడకూడదు. మన చట్టం ప్రకారం ఆ డబ్బు షేరూ కాక, తర్వాత షేర్లుగా మారే అప్పుగా గుర్తింపు ఉన్న కన్వర్టిబుల్ నోటూ కాక మధ్యలో ఉండిపోతే డిపాజిట్ అనిపించుకునే చిక్కు వస్తుంది. అందుకే ఇక్కడ ఐసేఫ్ పేరుతో, తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్ల రూపంలో అదే పని చేస్తారు. రెండో దారి కన్వర్టిబుల్ నోటు. కేంద్ర ప్రభుత్వ డీపీఐఐటీ శాఖ గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకే అది కుదురుతుంది, ఒక్కొక్కరు ఒకే విడతలో కనీసం 25 లక్షలు పెట్టాలి. మన తమ్ముడిది మొదటి రకం.

రెండో అడుగు: క్యాప్ అంటే విలువ కాదు, ధరకు పైకప్పు

ఏంజెల్ డబ్బు ఇచ్చిన రోజున కంపెనీ విలువ ఎంతో ఇద్దరూ తేల్చుకోలేదు. తర్వాత రౌండ్‌లో ఎవరో ఒకరు ధర కడతారు, అప్పుడు ఆ ధరకే నా డబ్బును షేర్లుగా మార్చు అన్నాడాయన. కానీ ఆ లోపు కంపెనీ బాగా పెరిగితే, ముందుగా రిస్క్ తీసుకున్న ఆయనకూ చివర్లో వచ్చినవాళ్లకూ ఒకే ధర పడుతుంది. అది న్యాయం కాదు కాబట్టి, మీ కంపెనీకి రేపు ఎంత విలువ కట్టినా సరే, నా షేర్ల ధర మాత్రం 5 కోట్ల విలువ దాటనట్టే లెక్కించాలి అని రాయించుకున్నాడు. క్యాప్ అంటే అంతే. విలువ 3 కోట్లే పలికితే ఆయనకు క్యాప్‌తో పని లేదు, ఆ తక్కువ ధర మీద డిస్కౌంట్ తీసుకుంటాడు. అందుకే 5 కోట్ల క్యాప్ ఉంది కాబట్టి నా కంపెనీ 5 కోట్లది అని ఇంట్లోనూ బ్యాంకులోనూ చెప్పుకోవడం తప్పు.

క్యాప్ అంకె పక్కన ప్రీ మనీ అని ఉందా, పోస్ట్ మనీ అని ఉందా చూడండి. పోస్ట్ మనీ అంటే ఆయన 50 లక్షలు కూడా ఆ 5 కోట్లలో కలిసే ఉన్నట్టు. 5 కోట్లలో 50 లక్షలు, అంటే కచ్చితంగా 10%. ప్రీ మనీ అయితే 5 కోట్లకు అదనంగా ఆయన 50 లక్షలు. ఐదున్నర కోట్లలో 50 లక్షలు, అంటే దాదాపు 9.1%. వై కాంబినేటర్ 2018లో తన సేఫ్‌ను పోస్ట్ మనీకి మార్చింది. మన తమ్ముడి కాగితంలోనూ పోస్ట్ మనీయే ఉంది.

ఏంజెల్ షేర్లు 10% కావాలంటే ఫౌండర్ల 9,00,000 షేర్లు 90% అవ్వాలి. కాబట్టి మొత్తం 10,00,000.

```
క్యాప్ ధర   = 5,00,00,000 ÷ 10,00,000 = రూ. 50
ఏంజెల్ షేర్లు = 50,00,000 ÷ 50 = 1,00,000
```

పోస్ట్ మనీలో ఇంకో సంగతి ఉంది. చాలామంది అక్కడే దెబ్బ తింటారు. ఇలాంటి కాగితాలు ఒకటి తర్వాత ఒకటి మూడు రాసిచ్చారనుకోండి, ఒక్కోటి 50 లక్షలు, అన్నిటికీ అదే 5 కోట్ల క్యాప్. మూడూ కలిపి 30% అవుతుంది. రెండో కాగితం మొదటి ఏంజెల్ వాటాను తగ్గించదు. మొత్తం 30% ఫౌండర్ల వాటాలోంచే పోతుంది. నెలకొకరి దగ్గర కొంచెం కొంచెం డబ్బు తీసుకుంటూ పోతే ఇది రౌండ్ రోజు దాకా కనపడదు.

మూడో అడుగు: క్యాప్‌ను కొత్త రౌండ్‌లో పెట్టి చూడండి

కొత్త ఫండ్ 4 కోట్లు పెడుతోంది, ప్రీ మనీ 16 కోట్లు. 16 కోట్లను 10,00,000 షేర్లతో భాగిస్తే షేరు రూ. 160. ఫండ్‌కు 2,50,000 షేర్లు వస్తాయి. ఏంజెల్‌కు రెండు దారులున్నాయి: 160 మీద 20% డిస్కౌంట్‌తో 128, లేదా క్యాప్ ప్రకారం 50. కాగితంలో ఏది తక్కువైతే అది అని ఉంటుంది, కాబట్టి 50. డిస్కౌంట్, క్యాప్ రెండూ కలిపి వర్తించవు. అలా కలిపి రాసి ఉంటే వెంటనే మార్పించండి.

మొత్తం 12,50,000 షేర్లలో ఫౌండర్లకు 72%, ఏంజెల్‌కు 8%, ఫండ్‌కు 20%. ఏంజెల్ పెట్టిన 50 లక్షలకు ఈ రోజు ధరలో కోటీ 60 లక్షల విలువైన షేర్లు వచ్చాయి. క్యాప్ లేకుండా డిస్కౌంట్ ఒక్కటే ఉంటే ఆయనకు 62.5 లక్షల విలువైనవే దక్కేవి. ఇది మోసం కాదు. పరికరం ఇంకా పనిచేయని రోజుల్లో డబ్బు పెట్టినందుకు ఆయనకు రావాల్సిందే.

ఇక్కడ ఆగి ఈసాప్ పూల్, అంటే ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్ల సంగతి చూసుకోండి. రౌండ్ తర్వాత 10% ఉద్యోగుల పూల్ ఉండాలి, అది ప్రీ మనీలోనే కలిసి ఉండాలి అని ఒక వాక్యం ఉండొచ్చు. ఉంటే షేరు ధర 160 నుంచి 140కి దిగుతుంది, ఫౌండర్ల వాటా 72% కాస్తా 63% అవుతుంది. ప్రీ మనీ అంకె మాత్రం 16 కోట్లుగానే కనిపిస్తూ ఉంటుంది. మన తమ్ముడి టర్మ్ షీట్‌లో అది లేదు, కాబట్టి 72తోనే ముందుకు పోదాం.

నాలుగో అడుగు: లిక్విడేషన్ అన్న మాటకు వాళ్లిచ్చిన అర్థం చదవండి

టర్మ్ షీట్‌లో లిక్విడేషన్ ఈవెంట్ అనే మాటకు ఒక నిర్వచనం ఉంటుంది. కంపెనీ మూసివేత అందులో ఒకటి మాత్రమే. కంపెనీని వేరేవాళ్లు కొనడం, విలీనం, మెజారిటీ వాటా చేతులు మారడం, ఆస్తుల్లో అధిక భాగం అమ్మడం, ఇవన్నీ అందులో ఉంటాయి. అంటే పదేళ్లు కష్టపడి కంపెనీని అమ్మిన రోజున డబ్బు ఎవరికి ముందు, ఎంత అన్నది తేల్చేది ఈ వాక్యమే.

మన తమ్ముడికి మేత షాపు లెక్కతో చెప్పాను. సీజన్ మొదట్లో షాపువాడు మేత అప్పుగా ఇస్తాడు. పట్టుబడి అయిన రోజు రొయ్యలు అమ్మిన డబ్బులోంచి ముందు తన బాకీ తీసుకుంటాడు, మిగిలింది రైతుది. లిక్విడేషన్ ప్రిఫరెన్స్ కూడా ఇలా ముందు తీసుకునే హక్కే. తేడా ఏమిటంటే ఇది అప్పు కాదు, పంట పోతే ఫౌండర్ జేబులోంచి కట్టనక్కర్లేదు. నిజంగా కంపెనీ దివాలా తీస్తే బ్యాంకులు, ఉద్యోగుల జీతాలు, ఇతర బాకీలు అన్నీ తీరాకే ప్రిఫరెన్స్ షేర్ల వంతు వస్తుంది, ఈక్విటీ షేర్లది అందరికంటే చివర.

ఇప్పుడు ఆ వాక్యంలో ఒక్క మాట వెతకండి. 'హయ్యర్ ఆఫ్' అనో 'గ్రేటర్ ఆఫ్' అనో ఉండి, మధ్యలో 'ఆర్' ఉంటే అది నాన్ పార్టిసిపేటింగ్. ఇన్వెస్టర్ పెట్టిన డబ్బు వెనక్కి తీసుకోవాలి, లేదా తన శాతం ప్రకారం వాటా తీసుకోవాలి, రెండిట్లో ఒక్కటే. అలా కాక ముందు పెట్టిన డబ్బు ఇచ్చి, ఆ తర్వాత మిగిలినదాంట్లో 'యాజ్ కన్వర్టెడ్ బేసిస్' మీద, అంటే షేర్ల శాతం ప్రకారం, మళ్లీ పంచుకుంటారు అన్న అర్థంలో 'అండ్ దెన్' లాంటి మాట వస్తే అది పార్టిసిపేటింగ్. మేత షాపువాడు బాకీ తీసుకుని, మిగిలిన లాభంలో మళ్లీ పాలు అడిగినట్టు. చాలా టర్మ్ షీట్లలో పార్టిసిపేటింగ్ అన్న పదమే కనిపించదు. 'ఆర్' ఉందా 'అండ్' ఉందా అన్నదాన్ని బట్టే తెలుసుకోవాలి.

తేడా ఎంతో చూద్దాం. కంపెనీ 10 కోట్లకు అమ్ముడైందనుకోండి.

ఒకటి, 1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్. 1ఎక్స్ అంటే ముందు హక్కు పెట్టిన డబ్బుకు ఒక్క రెట్టే. ఫండ్‌కు 20% వాటా అంటే 2 కోట్లే. పెట్టిన 4 కోట్లు ఎక్కువ కాబట్టి ఆ 4 తీసుకుంటుంది. మిగిలిన 6 కోట్లలో ఏంజెల్‌కు పదో వంతు, 60 లక్షలు. పెట్టిన 50 లక్షలకంటే ఎక్కువే కాబట్టి ఆయన వాటానే ఎంచుకుంటాడు. ఫౌండర్లకు 5.4 కోట్లు.

రెండు, ఇద్దరికీ 1ఎక్స్ పార్టిసిపేటింగ్. ముందు 4 కోట్లు, 50 లక్షలు పోతాయి. మిగిలిన ఐదున్నర కోట్లను మళ్లీ 72, 8, 20 చొప్పున పంచుతారు. ఫౌండర్లకు 3.96 కోట్లు. ఒక్క 'అండ్' ఖరీదు కోటీ 44 లక్షలు.

మూడు, ఫండ్‌కు 2ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్. ఫండ్ 8 కోట్లు, ఏంజెల్ 50 లక్షలు తీసుకుంటే ఫౌండర్లకు మిగిలేది కోటిన్నర. కాగితం మీద 72% ఉన్నవాళ్ల చేతికి 15% వచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్‌కు ఒప్పుకోండి, అది న్యాయమైన కోరికే. ఇన్వెస్టర్ డబ్బు వెనక్కి రాకముందే మీరు లాభపడటం ఆయనకు ఇష్టం ఉండదు, ఉండక్కర్లేదు కూడా. పార్టిసిపేటింగ్ తప్పనిసరి అని పట్టుబడితే, మొత్తం రాబడి పెట్టినదానికి రెండు రెట్లకు మించకూడదు అన్న హద్దు అడగండి. 2ఎక్స్‌కు మాత్రం మొదటి రౌండ్‌లో ఒప్పుకోకండి. ఈ రౌండ్‌లో ఇచ్చినదాన్ని తర్వాత రౌండ్‌వాళ్లు కూడా మాకూ కావాలంటారు, అవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

1ఎక్స్ నాన్ పార్టిసిపేటింగ్‌లో కూడా ఒక వింత ఉంది. కంపెనీ 5 కోట్లకు అమ్ముడైనా, 18 కోట్లకు అమ్ముడైనా ఫండ్‌కు వచ్చేది అదే 4 కోట్లు. 20 కోట్లు దాటితేనే దాని వాటా ప్రిఫరెన్స్‌ను మించుతుంది. కాబట్టి ఈ మధ్యలో ఎక్కడ అమ్మినా ఫండ్‌కు తేడా లేదు, ఫౌండర్లకు మాత్రం ప్రాణం పోయేంత తేడా. డ్రాగ్ అలాంగ్ అనే వాక్యం ఫండ్ ఒక్కదానికే కంపెనీని అమ్మించే అధికారం ఇస్తుంటే, దానికి ఒక కనీస ధర పెట్టమని ఇందుకే అడగాలి.

పక్కనే రెండు చిన్నవి చూసుకోండి. ప్రిఫరెన్స్ మొత్తానికి బాకీ ఉన్న డివిడెండ్ కూడా కలుస్తుంది అని ఉంటే డివిడెండ్ రేటు చూడండి. మన దగ్గర మామూలుగా 0.01% లాంటి నామమాత్రపు రేటు పెడతారు, అది ఫర్వాలేదు. 8% కుములేటివ్, అంటే ఏటా పేరుకునేది అని ఉంటే ఐదేళ్లలో 4 కోట్ల మీద ఇంకో కోటీ 60 లక్షలు ముందు హక్కులో చేరతాయి. రెండోది వరుస. ఫండ్ 'సీనియర్' అని ఉంటే, కంపెనీ 3 కోట్లకు అమ్ముడైన రోజు మొత్తం దానికే, ఏంజెల్‌కు సున్నా. 'పారీ పాసు' అని ఉంటే ఇద్దరూ పెట్టినదాని నిష్పత్తిలో పంచుకుంటారు. రెండిట్లోనూ ఫౌండర్‌కు వచ్చేది సున్నాయే, కానీ మొదట నమ్మిన ఏంజెల్‌కు ఈ సంగతి మీ నోటి నుంచే తెలియాలి.

ఐదో అడుగు: క్యాప్, ప్రిఫరెన్స్ కలిసే చోటు

తమ్ముడి టర్మ్ షీట్‌లో నేను ఎర్ర పెన్నుతో గీత గీసింది ఈ ఒక్క వాక్యం కిందే. ఏంజెల్ షేర్లకు కొత్త ఫండ్ షేర్లతో సమానమైన హక్కులు ఉంటాయి అని రాశారు. చదవడానికి చాలా మర్యాదగా ఉంది. పై పేరాలో ప్రిఫరెన్స్‌ను ఎలా నిర్వచించారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ 'పెట్టిన మొత్తం' అని లేదు. 'ఒక్కో షేరుకు ఈ రౌండ్ ఇష్యూ ధర' అని ఉంది. ఈ రౌండ్ ధర రూ. 160. ఏంజెల్ చేతిలో 1,00,000 షేర్లు.

```
రాసినట్టు చదివితే : 1,00,000 × 160 = రూ. 1,60,00,000
ఉండాల్సింది      : 1,00,000 × 50  = రూ. 50,00,000
```

ఫండ్‌కు 1ఎక్స్, ఏంజెల్‌కు మాత్రం ఎవరూ అడగకుండానే 3.2ఎక్స్ వచ్చేసింది. అదే 10 కోట్ల అమ్మకంలో ఇప్పుడు ఫండ్ 4 కోట్లు, ఏంజెల్ కోటీ 60 లక్షలు తీసుకుంటారు, ఫౌండర్లకు 4.4 కోట్లు. సరిగ్గా రాసి ఉంటే 5.4 వచ్చేవి. కోటి రూపాయలు ఒక నిర్వచనంలో పోయాయి. నష్టం ఫౌండర్లది ఒక్కరిదే కాదు. ధర తక్కువ పలికిన రోజు పారీ పాసులో ఏంజెల్ ఎక్కువ లాగితే ఫండ్‌కూ తగ్గుతుంది. అందుకే ఈ మార్పు అడిగితే ఫండ్ వాళ్లు మీ పక్షానే ఉంటారు, మొహమాటపడక్కర్లేదు.

మార్పు చిన్నదే. ఏంజెల్ షేర్లకు వేరే ఉప తరగతి పెట్టి, మిగతా హక్కులన్నీ సమానంగా ఉంచి, ప్రిఫరెన్స్ మాత్రం ఆయన షేర్లకు ఆయన చెల్లించిన ధర మీద, అంటే రూ. 50 మీద లెక్కించాలని రాయించాలి. లేదంటే ప్రిఫరెన్స్ నిర్వచనాన్నే 'ఆయా ఇన్వెస్టర్ నిజంగా చెల్లించిన మొత్తం' అని మార్పించాలి. క్యాప్ వల్ల ఆయనకు దక్కిన లాభం షేర్ల సంఖ్యలో ఉంది, 8% రూపంలో అది ఆయనతోనే ఉంటుంది. ముందు హక్కులో అదే లాభం రెండోసారి రాకూడదు, అంతే.

మీ కాగితంలో ఈ తప్పు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అందరి ప్రిఫరెన్స్ మొత్తాలూ కూడండి. ఇప్పటిదాకా బ్యాంకు ఖాతాలోకి నిజంగా వచ్చిన పెట్టుబడితో పోల్చండి. 1ఎక్స్ అయితే రెండూ సమానంగా ఉండాలి. మన కేసులో నాలుగున్నర కోట్లు వచ్చాయి, ప్రిఫరెన్స్‌లు కూడితే 5.6 కోట్లు తేలాయి.

ఆరో అడుగు: జవాబు పంపే ముందు

అమెరికాలో ఉన్న బావగారో, దుబాయ్‌లో ఉన్న మిత్రుడో డబ్బు పెడుతుంటే క్యాప్‌కు ఇంకో షరతు తోడవుతుంది. విదేశీ పెట్టుబడిగా వచ్చే డబ్బుకు, విదేశీ మారకపు చట్టమైన ఫెమా నియమాల ప్రకారం, ప్రిఫరెన్స్ షేర్లలో తప్పనిసరిగా మారేవే ఈక్విటీగా చెల్లుతాయి. మారే ధరనో, ధర కట్టే సూత్రాన్నో ముందే తేల్చాలి. ఆ ధర షేర్లు ఇచ్చిన నాటి సరసమైన విలువకంటే తక్కువ ఉండకూడదు. కాబట్టి క్యాప్ అంకె రాసే ముందే సీఏ చేత వాల్యుయేషన్ రిపోర్ట్ చేయించండి.

తర్వాత ఎక్సెల్‌లో ఒక షీట్ చేయండి. అడ్డంగా 3, 10, 20, 50 కోట్ల అమ్మకం ధరలు, నిలువుగా ఫండ్, ఏంజెల్, ఫౌండర్లు. ప్రతి గడిలో ఎవరికి ఎంత వస్తుందో మీరే నింపండి, లాయర్ చేత కాదు. దాన్ని ఫండ్‌కు పంపి, మీ టర్మ్ షీట్‌ను మేం ఇలా అర్థం చేసుకున్నాం, ఏదైనా తేడా ఉందా అని అడగండి. వాక్యాల మీద వాదించడంకంటే అంకెల మీద మాట్లాడటం తేలిక, ఇంగ్లిష్ అంతగా రాదన్న టెన్షన్ కూడా ఉండదు.

టర్మ్ షీట్‌లో చాలా భాగం చట్టపరంగా కట్టిపడేయదు. గోప్యత, వేరే ఇన్వెస్టర్‌తో మాట్లాడకూడదన్న గడువు, లాయర్ ఖర్చులు మాత్రం సాధారణంగా సంతకం రోజు నుంచే వర్తిస్తాయి. అసలు ఒప్పందం షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్, దానికి తగ్గట్టు మార్చిన ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్. టర్మ్ షీట్‌లో మార్పించిన వాక్యం ఈ రెండిట్లోకీ అలాగే వెళ్లిందో లేదో మాటకు మాట పోల్చి చూడాలి, ఎందుకంటే లాయర్లు మొదలుపెట్టేది తమ దగ్గర ఉన్న పాత నమూనాతో.

తమ్ముడు షీట్ పంపిన రెండో రోజే ఫండ్ వాళ్లు రూ. 50 మార్పుకు ఒప్పుకున్నారు. మూడు వారాల తర్వాత వచ్చిన ఆర్టికల్స్ డ్రాఫ్ట్‌లో మళ్లీ 160యే ఉంది. ఈసారి అతనే పట్టుకున్నాడు.